నూకాలుకంటే ముందు

1986 జనవరి నెలాఖరు. ఉక్కునగరంలో ఒక హైస్కూలు. ఆఖరి గంట కొట్టాక, ఖాళీ అయిన ఏడో తరగతి గదిలో లెక్కల మేష్టారు శ్రీరామ్మూర్తి, ఆ తరగతి పిల్ల పైడితల్లి వాళ్ళమ్మ దేముడమ్మ.

“ఏడాది పోతాదా, పోదా? ముందది సెప్పండి మేష్టారూ.”

“పోదమ్మా. కూర్చోండి దేముడమ్మగారూ. మీరు పంపిన చీటీకి జవాబు రాద్దామనే మొదలెట్టాను. రాస్తుంటే పెరిగిపోయింది. అందుకే రమ్మన్నాను.”

“మూడు నెల్లండి. దసరా ముందు మంచమెక్కిందా, మొన్న పండగెల్లాక గానీ బడి మొకం సూడనేదు. కీళ్ళ జొరం అన్నారు, గుండెకి పాకిందన్నారు. ఇది అక్కడ పడుంటే, ఇక్కడ నూకాలు దూసుకుపోయింది.”

“నూకాలంటే మీ తోటికోడలి కూతురు కదూ?”

“అవునండి, అసిరమ్మ కూతురు. ఇద్దరిదీ ఒకే తరగతి కదా. మార్కులొచ్చిన రోజు అసిరమ్మ పెరట్లో నిలబడి, మాకినబడాలని గట్టిగా సదువుతాది.”

“సరే, పైడితల్లి సంగతి మాట్లాడుకుందాం.”

“పైడితల్లి సంగతే కదండీ ఇది.”

“కాదమ్మా. సర్లెండి, వినండి. మొదట హాజరు. డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేసి, తగ్గిన హాజరు మన్నించమని హెడ్మాస్టరుగారు పై ఆఫీసుకి రాశారు. నిజంగా జబ్బుపడ్డ పిల్లలకి మామూలుగా కాదనరు. ఏప్రిల్లో అందరితోపాటే ఏడో తరగతి పరీక్షకి కూర్చుంటుంది.”

“కూకుంటే సాల్దు కదండీ. పోయిన పాటాలో?”

“అన్నీ ఒక్కలా పోలేదు. సాంఘికం, సైన్సు ఏ పాఠానికా పాఠమే. నదులు చదవకపోయినా రాజులు అర్థమవుతారు. వాటిలో ముఖ్యమైనవి నేను గుర్తుపెట్టి ఇస్తాను, మిగతావి వదిలేయొచ్చు.”

“వదిలేయడమేటి? నూకాలు వదిలేసిందా?”

“లెక్కలు, ఇంగ్లీషు అలా వదలకూడదు. భిన్నాలు రాకపోతే శాతాలు రావు. శాతాలు రాకపోతే వడ్డీ లెక్కలు రావు, లాభనష్టాలు రావు. కాబట్టి ముందు ఆ రెండే. రోజుకి ఒక అరగంట లెక్కలు, ఒక అరగంట ఇంగ్లీషు. మధ్యలో పడుకోవాలి.”

“అరగంటేటి సరిపోతాది? నాను పొద్దున్నొక ట్యూషను, సాయంత్రమొకటి మాటాడేసినాను.”

“రెండూ వద్దు.”

“అసిరమ్మ కూతురికి ఒకటుంది కదా. దానికన్నా ముందుకెల్లాలంటే దీనికి రెండుండాలా, వద్దా?”

“దాని గుండె అంత పరుగు ఇప్పుడు తట్టుకోదమ్మా. రెండు వారాలు మధ్యాహ్నం దాకానే బడి. డ్రిల్లు లేదు. మెట్లెక్కకూడదని తరగతినే కిందికి దింపించాం. మూడు వారాలకోసారి సూది ఉంది కదా, ఆరోజు బడి మానినా నేనేమీ అనుకోను. సూది మాత్రం తప్పకూడదు. ఆ జ్వరం తిరగబెడితే గుండెకి ఇంకా చేటు.”

“సూది తప్పించమండి. నోట్సులైతే ఎక్కిస్తంది. బడి నుంచొచ్చి పడుకునీదాకా నూకాలు పుస్తకాలు సూసి రాత్తానే ఉంది.”

“అది ఈ రోజే మానిపించండి.”

“నోట్సుల్లేకపోతే ఇన్స్పెట్టరొచ్చి అడిగితే?”

“ఎవరడిగినా నేను చెప్పుకుంటాను. వేళ్ళ కీళ్ళు ఇంకా నొప్పెడుతున్నాయి దానికి. చూసి రాసింది చేతిలో ఉంటుంది గానీ బుర్రలోకి పోదు. ఎవరైనా పక్కన కూర్చుని నోటితో చెప్పించుకోవాలి. తను విన్నది తిరిగి తను చెప్పాలి. అప్పుడు నిలుస్తుంది.”

“ఎవరు కూకుంటారండి? నాకా సదువు రాదు. మాయన కాంట్రాక్టరు కింద పని, సిమెంటు దుమ్ముతో వొచ్చి పడతాడు.”

“నూకాలు కూర్చుంటుంది.”

“వొద్దు.”

“ఒకే ఇల్లు కదా మీది.”

“ఇల్లెక్కడిదండి మాది? క్వార్టరు మా బావగారిది, ఎనకాల గది మాది. మా మావగారి బూమి ఫ్యాక్టరీలో పోతే ఒక్క ఉద్యోగం ఇచ్చినారు. పెద్దోడని మా బావగారికెల్లింది. ఊరుకున్నాను. క్వార్టరొచ్చింది, ఊరుకున్నాను. ఇప్పుడు నా పిల్లకి సదువు కూడా ఆళ్ళ పిల్లే పెట్టాలా? రేపు పాసైతే, నా కూతురే సెప్పిందని అసిరమ్మ సెక్టారంతా సాటింపేత్తాది.”

“వేస్తే వేయనీండి.”

“మీకు తెల్దండి. జొరంలో పిల్లని సూడ్డానికొచ్చి ఏటందో తెలుసా? ‘పాపం, ఏడాది పోయినట్టే’ అంది. ఆపిల్లు పళ్ళు సేతిలో ఎట్టి మరీ అంది. పళ్ళు తిననీనేదు నాను.”

“నేను ఒక సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఏ పాఠాలు పోయాయో తెలియాలంటే ముందు ఏవి వచ్చో చూడాలి కదా. బడికి తిరిగొచ్చిన కొత్తలోనే పైడితల్లిని ఒక్కదాన్నీ కూర్చోబెట్టి అడిగాను. భిన్నాలు వచ్చు. శాతాలూ వచ్చు.”

“శాతాలా? అవి దీపావళెల్లాక సెప్పినారు కదా. ఇది అప్పటికింకా మంచమ్మీదే ఉంది.”

“అదే నేనూ అడిగాను. నూకాలు చెప్పిందట.”

“ఎప్పుడు?”

“మీరు రేషన్ క్యూకి వెళ్ళినప్పుడల్లా. కిటికీ దగ్గర నిలబడి.”

“నాను దాన్ని మా గుమ్మం తొక్కొద్దన్నాను.”

“అందుకే కిటికీ దగ్గర.”

“…తప్పులు సెప్పుంటాది.”

“తప్పులు చెప్తే ఇది ఒప్పులెలా చేస్తుందమ్మా?”

“సరేనండి, సెప్పింది. గొప్పే. మరైతే మీరెట్టిన రెండు టెస్టులకీ నా పిల్ల తెల్ల కాయితం ఎందుకిచ్చింది? ఒక్క లెక్కా రాయనేదు. ఆ బెంగతోనే కదా నాను సీటీ రాయించి పంపినాను.”

“నాకూ మొదట అదే అంతుపట్టలేదు. రాక కాదు. నా ముందు నోటితో చేసిన లెక్కలే ఆ టెస్టుల్లో ఇచ్చాను.”

“భయమేమో. అందర్లో కూకుంటే గుండె దడొస్తందేమో. డాక్టరుకి సూపించనా?”

“దడ లేదు. అడిగాను.”

“సేతులు నొప్పా?”

“తన పేరు చక్కగా రాసింది, తారీఖు వేసింది. నొప్పి వల్ల కాదు.”

“మరేటి? నామీద పంతమా? నాను దానికేటి తక్కువ సేసినాను మేష్టారూ? మూడు నెల్లు దాని మంచం దిగనేదు. కాళ్ళు నొక్కినాను, గంజి తాపినాను, కథలు సెప్పినాను.”

“అవన్నీ చెప్పింది నాతో. కళ్ళు మెరుస్తుండగా చెప్పింది.”

“మరి?”

“మీతో అనమని అనలేదు. అనొద్దనీ అనలేదు.”

“సెప్పండి మేష్టారూ.”

“వినగలరా?”

“దాని గుండె సప్పుడు బాగోనేదని డాక్టరంటేనే ఇన్నాను. ఇదేటి? సెప్పండి.”

“తలొంచుకుని అంది: ‘మంచమ్మీద ఉన్నన్నాళ్ళూ మాయమ్మ నన్ను ఒక్కసారి కూడా నూకాలుతో పోల్చనేదండి. లెక్కలు రాసేస్తే, నాకు నయమైపోయిందనుకుంటాది.’”