కుడి నుంచి ఎడమకి

గోడ అవతల దెబ్బ పడినప్పుడల్లా బల్ల మీది టీ కప్పు వణుకుతోంది. అనువాదకురాలు అటు చూడకుండా, ఇన్‌స్పెక్టరు చూపించిన ఫోన్‌లోకి చూసింది. అవతల తన్నులు తింటున్న పరాయి దేశపు కార్మికుడు తన మేనేజరుకి పంపిన మూడు గళ్ళ కార్టూను అది.

“చూడమ్మా. ముందు వీడు కత్తి పట్టుకుని మేనేజరు మీదికొస్తున్నాడు. తర్వాత తల తెగిపడింది. చంపుతానని బెదిరించడం కాక ఇంకేంటిది?”

“తిరగేసి చదివారు సార్. వీళ్ళ కార్టూన్లు కుడి నుంచి ఎడమకి చదవాలి. ముందు కత్తి ఎత్తింది మేనేజరు. తెగిన తల పనివాడిది.”

“మేనేజరు వీణ్ణి నరికాడా?”

“ఉద్యోగం తీసేశాడు. దాన్నే వాళ్ళు మెడ నరకడమంటారు. మనం ‘పొట్ట కొట్టాడు’ అనమూ, అలాగ.”

“మరి ఆఖర్న కత్తి వీడి చేతిలో ఎందుకుంది?”

“తిరిగిచ్చేస్తున్నాడు సార్, నడుం వంచి, రెండు చేతులతో. తప్పెవరిదైనా కిందివాడే వంగాలి అక్కడ. ‘మీ కత్తికి నా రక్తం అంటింది, మన్నించండి’ అని రాశాడు. అదే జోకు.”

“ఇందులో నవ్వేముంది?”

“మన మాటల్లో పెడితే రాదు సార్. వాళ్ళకైతే కడుపు మండి నవ్వొస్తుంది.”

కప్పు మళ్ళీ వణికింది. వెనకాలే సన్నగా ఏదో మాట వినిపించింది.

“అదిగో, కొట్టినప్పుడల్లా గొణుగుతున్నాడు. మమ్మల్ని తిడుతున్నాడు కదూ?”

“లేదు సార్.” ఆమె కప్పుని చేత్తో పట్టి ఆపింది. “మీ చేతికి నొప్పెట్టిందేమో, మన్నించండి అంటున్నాడు.”