ఆర్నెల్ల పనికి ఏడాది టార్గెట్

హలో… ఆ, నేనేనండి, వెంకటదుర్గని. తవుడు నూనె ఫ్యాక్టరీ ల్యాబ్‌లో మీ దగ్గర మూడేళ్లు చేశాను…

అవునండి, ఆ దుర్గనే.

ఆ, బాగున్నాం… రామచంద్రపురంలోనే. పాప మూడో తరగతి.

లేదండి, ఊరికే చెయ్యలేదు. మళ్లీ ఉద్యోగంలో చేరదామని. రాజమండ్రిలో ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్… సోమవారం ఇంటర్వ్యూ.

రెఫరెన్స్ సంగతి తర్వాత, ప్రసాద్‌గారూ. ముందు ఒకటి అడగాలి.

పొద్దున్న రెజ్యూమెలో చేరిన తేదీ, మానేసిన తేదీ రాద్దామని పాత ఫైలు తీశాను. అప్రైజల్ లెటర్లు మూడూ అందులోనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టుకుని చదివాను.

మొదటి ఏడాది రేటింగ్ అయిదుకి నాలుగు. రెండో ఏడాది అయిదుకి అయిదు, సీనియర్ కెమిస్ట్‌ని చేశారు. మూడో ఏడాది… రెండు.

గుర్తులేదా… చదువుతాను, వినండి. ఏప్రిల్ 2017 నుంచి మార్చి 2018 దాకా. టార్గెట్ రెండువేల నాలుగు వందల శాంపిళ్లు. చేసినవి పన్నెండు వందల అరవై. యాభై రెండున్నర శాతం. 'పని మీద శ్రద్ధ తగ్గింది.' కింద మీ సంతకం.

అందులో అక్టోబరు ఒకటి నుంచి మార్చి ఆఖరు దాకా నేనెక్కడున్నానండి?

…ఆ. ప్రసూతి సెలవులో. ఇరవై ఆరు వారాలు. కాగితం మీద మంజూరు చేసింది మీరే.

మరి ఆర్నెల్లు పనిచేసిన మనిషికి ఏడాది టార్గెట్ ఎలా పెట్టారు? సగానికి సగం తీసేస్తే పన్నెండు వందలే కదా. నేను అరవై ఎక్కువ చేశాను. నూటయిదు శాతం. నెలలు నిండేదాకా ఆ నూనె తీసే సాల్వెంట్ వాసనలో నిలబడి చేశాను.

సిస్టమ్ లెక్క కట్టిందా… సరే, శాతం కట్టింది సిస్టమే. శ్రద్ధ తగ్గిందని రాసింది కూడా అదేనా?

హెడ్డాఫీసు వాళ్లా… ఆరుగురిలో ఒకళ్లకి రెండు రేటింగ్ ఇచ్చి తీరాలన్నారా.

—అంటే నా పని చూసి ఇచ్చింది కాదు. ఎవరో ఒకళ్లకి వెయ్యాలి. మిగతా అయిదుగురూ రోజూ ఎదురుగా ఉన్నారు, గొడవ చేస్తారు. నేనెలాగూ ఇంట్లో ఉన్నాను. అంతేనా?

…అంతేనన్నమాట.

మెల్లగానే మాట్లాడుతున్నానండి.

పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పొచ్చని లెటర్లో ఉందా… ఉంది. ఇవాళే చదివాను. ఆ రోజు మీరు చదవనిచ్చారా? ఆఖరి పేజీ తిప్పి, 'ఇక్కడ సంతకం పెట్టమ్మా' అని వేలు పెట్టి చూపించారు.

అప్పటికి పాపకి ఏడో నెల. సెలవయ్యి వచ్చి నెలరోజులైంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. పాప, ఉద్యోగం రెండూ నావల్ల కావడంలేదని ఇంటికెళ్లి చెప్పాను. మా ఆయన ఆగమన్నారు, వినలేదు. జూన్‌లో రాజీనామా ఇచ్చేశాను.

అప్పట్నించీ ఎవరు ఉద్యోగం మాటెత్తినా మాట మార్చేసేదాన్ని. పిల్ల పుట్టాక బుర్ర మొద్దుబారిపోయిందనుకున్నానండి. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను.

…మీ సారీ నేనేం చేసుకోను?

మొదటి రెండూ పెట్టి, మూడోది తీసేయమంటారా… రాజమండ్రి వాళ్లు మూడూ అడిగారు. మూడూ ఇస్తాను. మూడోదానికి మీ మెయిల్ జతచేస్తాను. నేను సెలవులో ఉన్నానని, టార్గెట్ తగ్గించలేదని, పనిచేసిన నెలలకి నూటయిదు శాతం వచ్చిందని. అంతే, నిజమే రాయండి.

హెచ్చార్‌ని అడగాలా? శ్రద్ధ తగ్గిందని రాసేటప్పుడు ఎవర్ని అడిగారు?

…

రేపు కాదండి. ఇప్పుడే రాయండి. నేను లైన్లో ఉంటాను.

…

…

ఆ, వచ్చింది. చూస్తున్నాను… 'వ్యక్తిగత కారణాల వల్ల సెలవులో ఉన్నందున' — కాదండి. ప్రసూతి సెలవు అనే రాయండి. ఆ మాట రాయడానికేం?

…ఆగుతాను.

…

ఆ. ఇప్పుడు సరిగ్గా ఉంది.

ఏంటండి?… అప్పుడే ఇలా అడిగుంటే మార్చేసేవారా?

అప్పుడు నేను మిమ్మల్ని నమ్మానండి.

పెట్టేస్తున్నాను.