మా తాత గురించి అయిదు నిమిషాలు

ఏటి తల్లీ, మీ అమ్మా వాళ్ల నాన్న పదకొండో రోజుకి నువ్వే మాట్లాడాలన్నారా? మంచిదే. రాసేవా? ఎన్ని పేజీలు? ఆరు పేజీలా. మరి నాను ఎనిమిది రాసేను, మా తాత పోయినప్పుడు. కూకో, సెప్తాను. నీకు పనికొస్తాది.

మా తాత పేరు పైడయ్య. సబ్బవరం పక్క ఊరు మాది. ఎవసాయం వొదిలేసి పోర్టులో పనికొచ్చీసినాడు. ఓడ మీద సిగ్నల్ మేన్. అంటే ఏటంటే, ఓడ కడుపులోంచి సరుకు పైకి లాగే వించి ఉంటాది కదా, దాన్ని నడిపేవోడికి కింద ఏటవుతందో కనపడదు. మా తాత అంచు మీద నిల్చోని సెయ్యితో సెప్పాల. సెయ్యి ఎత్తితే లాగు, దించితే దించు, పిడికిలి బిగిస్తే ఆపు. అదీ పని. అప్పట్లో స్టీలు ప్లాంటు ఇంకా కడతన్నారు. మా పెదనాన్నోళ్ల బూమి దాన్లోకే పోనాది. సర్లే, అది వేరే కత.

తాత పోయేక, ఆయనతో పని సేసినోళ్లు సంతాప సబ పెట్టేరు. మనవడు డిగ్రీ సదివేడు కదా, ఆడే మాట్లాడాల అన్నారు. నానేమో పొంగిపోనాను. రెండ్రోజులు కూకోని రాసేను. 'కార్యదక్షుడు, నిరాడంబరుడు, అజాతశత్రువు, కర్మయోగి.' అన్నీ అలాటియే. పుట్టిన ఊరు, పిల్లలెందరు, మనవలెందరు, అన్నీ వరసగా.

మా సింహాచలం అత్త, అంటే తాత కూతురు, అరుగు మీద కూకోని రొయ్యపొట్టు సెరుగుతంది. అత్తకి సదువు రాదు. వినత్తా అని సదివేను. మొత్తం సదవడానికి ఇరవై నిమిషాలు దాటీసింది. సబవోళ్లు ఇచ్చింది అయిదు. అత్త సేట పక్కన పెట్టి అన్నాది కదా, "ఇదంతా ఎవుల గురించిరా? మా నాన్న గురించా?"

అవునత్తా అన్నాను.

"మా నాన్న కోపిష్టి. అది ఏదీ?"

నాను కాగితం సూసుకున్నాను. అజాతశత్రువు అని రాసేను కదా మరి! అప్పుడత్త ఓ సంగతి సెప్పింది. ఆవిడ కుట్టుపని నేర్సుకుంటానంటే తాత మూడు నెల్లు ఆవిడతో మాట్లాడలేదంట. నాలుగో నెల్లో ఓ రోజు, బస్సు దిగిన కాడ్నించి కుట్టుమిషను బుజాన ఎత్తుకోని నడిసొచ్చి, అరుగు మీద దించి, అప్పుడూ మాట్లాడకుండా లోపలికి ఎల్లిపోనాడంట. అది రాయరా అన్నాది.

అక్కడ నాకు తెలిసింది తల్లీ. ఆ ఎనిమిది పేజీల్లో తాత లేడు. ఏ ముసలాయన పోయినా సదివీయొచ్చు అది. అన్నీ కొట్టీసేను. గుణాలు కొట్టీసేను, పేర్ల వరస కొట్టీసేను. మూడు సంగతులు ఉంచుదామనుకున్నాను. మిషను సంగతి మొదట. ఎందుకంటే జనం కాస్త నవ్వుతారు, నీ గొంతు సర్దుకుంటాది.

రెండోది పిడికిలి సంగతి. సరుకెత్తే తాడు పోగు తెగిందని తాత పిడికిలి బిగించీసేడు. సూపర్వైజరు తిట్టేడు, ఓడ ఆలస్యమైపోతందన్నాడు. తాత పిడికిలి దించలేదు. సెయ్యి మారుస్తాడు, పిడికిలి మాత్రం అలాగే. తాడు మార్చినదాకా అంతే. ఇది నాను పోర్టుకెల్లి, ఆ రోజు వించి నడిపిన నూకరాజుని అడిగి రూడి సేసుకున్నాను. విన్నది విన్నట్టు సెప్పీకూడదు కదా, ఎదురుగా తెలిసినోళ్లే కూకుంటారు.

అడగడమే మంచిదైంది. మూడోది మా ఇంట్లో పెద్ద కత. ఓడకీ జెట్టీ గోడకీ నడుమ నీళ్లల్లో ఎవుడో పడిపోతే తాత దూకి తీసేడని. మా మామ్మ, అంటే తాత పెళ్లాం, వొచ్చిన సుట్టానికల్లా సెప్పేది. అదీ నూకరాజుని అడిగేను. ఆయన బీడీ నలిపి ఆర్పీసేడు. పడింది మీ తాతే బాబూ అన్నాడు. వానలో ఓడ నిచ్చెన మీంచి జారిపోనాడంట. నడుంకి తాడు కట్టుకోని దూకినోడు నూకరాజు.

మరి ఇంట్లో అలా ఎందుకు సెప్పేడూ? మామ్మకి తోడబుట్టిన అన్న అప్పటికే గెడ్డ నీళ్లల్లో పడి సచ్చిపోయున్నాడు. తెలిస్తే తాతని మరి ఓడ ఎక్కనివ్వదు. అందుకని తిరగేసి సెప్పీసినాడు. ఎవుల దగ్గరా అనకని నూకరాజు దగ్గర మాట తీసుకున్నాడు.

ఇప్పుడేటి సెయ్యాల? అబద్దం సెప్తే నూకరాజు ఎదురుగా కూకుంటాడు. నిజం సెప్తే మామ్మ మొకం సూడలేను. ఆ సంగతే తీసీయొచ్చు గానీ, తీసీడానికి మనసొప్పలేదు. ముందు మామ్మకి సెప్పాల, ఆవిడ సబలో ఇనకూడదు అనుకున్నాను. సెప్పీసేను.

మామ్మ ఏడవలేదు. గోడకి జారబడి కూకుంది. "నూకరాజు మనింట్లో ఎన్నిసార్లు తిన్నాడు. ఒక్కనాడూ అన్లేదు" అన్నాది. మళ్లీ కాసేపటికి, "సెప్పీరా. నా బయానికే అబద్దం ఆడేడని కూడా సెప్పు" అన్నాది.

అప్పుడు రాసేను, ఒక్క కాగితమే. మాట్లాడినట్టే రాసేను, సిన్న సిన్న మాటలు. పైకి సదివేను, ఊపిరి అందని కాడల్లా మాట ఇరిసేను. నాలిక తిరగని మాట తీసీసేను. 'ఆ మహనీయుడు' కాదు, 'మా తాత'. అక్షరాలు పెద్దవి రాసేను, కళ్లల్లో నీళ్లొచ్చినా కనపడాల కదా. ఆగాల్సిన కాడ అడ్డగీత పెట్టేను. మొదటి మాటా ఆకరి మాటా నోటికి పట్టీసేను. అత్త ముందు మూడుసార్లు సదివితే, మూడోసారి గడియారం సూస్తే అయిదు నిమిషాలకి ఇంకా కాస్త మిగిలింది. అది మిగలాల. ఏడుపొస్తే ఆగడానికి.

సబ రోజు బయంగానే లేసి నిల్చున్నాను. మొదటి మాట నోటికొచ్చు కాబట్టి వొచ్చీసింది: "మా తాతకి కోపం ఎక్కువ." జనం నవ్వేరు. ఇంక బయం పోనాది. పిడికిలి సంగతి సెప్తుంటే ముందు వరసలో ముసలోళ్లు తలలూపేరు. మూడోదాని కాడ అడ్డగీత సూసి ఆగేను. గ్లాసులో నీళ్లు తాగేను, ఎనక గోడకేసి సూసేను, మామ్మ బయానికి తాత ఆడిన అబద్దం సంగతీ సెప్పేను. "ఆ రోజు నీళ్లల్లో పడింది మా తాత. దూకినోడు నూకరాజు. ఆయన దూకబట్టి నాకు తాత ఉన్నాడు." అంతే, అదే ఆకరి మాట. దణ్ణం పెట్టి దిగిపోనాను.

చప్పట్లు ఎవులూ కొట్టలేదు. నూకరాజు ఎనకాల తల దించుకోని కూకున్నాడు. మా మామ్మ లేసి, నలుగురి మద్దెనించీ ఆయన కాడికి ఎల్లింది. ఆయన లేసి నిల్చున్నాడు.

"సెప్పలేదేటి నాయినా" అన్నాది.

"మాటిచ్చేనమ్మా" అన్నాడు.

మామ్మ ఆయన పక్కనే కూకుండిపోనాది, సబ అయినదాకా. ఆ పూట బోజనాల కాడ మొదటి ఆకు ఆయనకే ఎయ్యమన్నాది. ఆ తర్వాత ఆయన ఇంటికొస్తే మా మామ్మ తాత గురించి సెప్పమనీది. ఓడ మీద ఎలాగుండీవోడు, ఏటి తినీవోడు, అన్నీ. అలా ఆవిడకి తెలీని మొగుడు ఇంకొంచెం తెలిసేడు, మరి.

సర్లే, నీ కాగితాలేవీ, పైకి సదువు. ఇంటాను. తప్పులున్నా పరవాలేదు, అందుకే కదా ఇంట్లో సదివేది. మీ తాతయ్య మంచోడు తల్లీ... నీ నోట మంచిమాట రావాల, సల్లగా బతకాల... ఊఁ, సదువు మరి...