రద్దు కాని నిప్పు

డిగ్రీ పిల్లల పుస్తకంలో తన పాఠం ఉంటుందో ఊడుతుందో తేలే రోజున, కొత్త లెక్చరరమ్మ ఆ పుస్తకం కూర్చే పెద్దాయన బల్ల ముందు నిలబడింది. ఆయన ఆమె రాసిన కాగితాన్ని చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తాడు.

“‘ఉపనిషత్తులు యజ్ఞాన్ని రద్దు చేశాయి.’ రద్దేమిటి తల్లీ, అదేమన్నా రైలా?”

“హోమాలు వదిలేసి ఆత్మ గురించి ఆలోచించారు కదండీ?”

“ఎవరొదిలేశారు? ఆ తర్వాత కూడా యాగాలు భేషుగ్గా సాగాయి. సరే, అగ్నిహోత్రం సంగతి చెప్పు, విందాం.”

“నిప్పులు మూడు: గార్హపత్యం, దక్షిణాగ్ని, ఆహవనీయం. రోజూ పొద్దునా సాయంత్రం ఆహవనీయంలో పాలు పోస్తారు.”

“అబ్బో, ఇంత తెలిసీ ఈ రాతా! ఉపనిషత్తులో ఆ మూడూ ఏమయ్యాయి?”

ఆమె గొంతు తగ్గింది. “గార్హపత్యం హృదయమైంది, దక్షిణాగ్ని మనసైంది, ఆహవనీయం నోరైంది. తినే మొదటి ముద్దలు ప్రాణం, అపానం లాంటి ఐదు వాయువులకు ఆహుతులయ్యాయి.”

“మరి రద్దయిందేదమ్మా?”

“ఏదీ కాలేదండీ. బయటి యజ్ఞమే ఒంట్లోకి వచ్చింది.”

“ఇప్పుడు దారికొచ్చావు. ఆ ముక్క రాసుకురా, పాఠం ఉంచుతాను.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. “అయితే సార్, అన్నం తినే ప్రతివాడూ యజ్ఞం చేస్తున్నట్టేనా?”

“తెలిసి తింటే యజ్ఞం. తెలియక తింటే, ఇదిగో, ఇలాంటి పాఠాలు రాస్తాడు.”