వరసలో ఐదో రాయి

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్ల వెనక, సందులో ఒక పాత గుడి. ఆర్ట్ హిస్టరీ చదివే కావ్య, ఆ గుడి ఊడ్చే కిష్టమ్మ.

“ఛీ, ఏంది కిష్టమ్మవ్వా ఈ రంగు! రాతి మీద ఆయిల్ పెయింటా? ఈ వైష్ణవి బొమ్మకు లిప్‌స్టిక్ కూడా పూసినారే!”

“గుడి కమిటీ మధుసూదన్ సారు ఏపిచ్చిండు కావ్యా. వాసన ఇంక పోలే.”

“ఈ చాముండి నెత్తి మీద ఏసీ నీళ్లు. కాళ్ల దగ్గర ఎవడో పాన్ ఉమ్మినాడు. థూ, చూస్తేనే అసహ్యం. అది సరే అవ్వా, మధ్యలో రాయి ఏది?”

“ఏ రాయి?”

“గోడకు బొక్క కనపడటం లేదా? ఆ రాయి. పోయిన వారం నేను ఫొటో తీసుకున్నది.”

“మొగిలి మేస్త్రి ఆడ సిమెంటు పూస్తడట. చాయ తాగుతవా?”

“చాయ్ వద్దు. ఆ బొమ్మను నేను తప్పు చదివినా అవ్వా. మా కాలేజీలో నారాయణప్ప సార్ నా పేపరు మొఖాన కొట్టినాడు. సాయంత్రంలోపు దిద్ది ఇయ్యాల. ఆ రాయి మళ్లీ చూడాల.”

“తప్పా? ఏం తప్పు?”

“ఒక్క బొమ్మనే చూసి పేరు పెట్టేసినా. వరస ఉంటే ముందు లెక్కపెట్టు, తర్వాత పీఠం మీద వాహనం చూడు, ఆ తర్వాత చేతుల్లో ఏముందో చూడు అన్నాడు సార్. ఇట్లా చూడు. ఈ చివర వీణతో వీరభద్రుడు. ఆ చివర వినాయకుడు. మధ్యలో ఎంతమంది?”

“ఏడుగురు అక్కలు. మా అత్త గట్లనే అంటుండె.”

“మరి నాకు ఎందుకు చెప్పలేదు!”

“నువ్వు అడగలే. సదువుకున్నదానివి, నీకు ఎరుకే అనుకున్న.”

“సప్తమాతృకలు అవ్వా. హంస ఉంది, బ్రహ్మాణి. ఎద్దు, మాహేశ్వరి. నెమలి, కౌమారి. గరుత్మంతుడు, వైష్ణవి. ఐదోది బొక్క. ఏనుగు, ఇంద్రాణి. శవం మీద కూర్చొని, డొక్కలు తేలినది చాముండి. బొక్కలో ఎవరు ఉండాల?”

“పోయిన వారం నువ్వే చెప్పినవు గద. జ్యేష్ఠ అని. లచ్చిందేవి అక్క, ఇంట్ల అడుగు పెడితే దరిద్రమని. చీపురు, గాడిద, బొజ్జ అని ఏలు పెట్టి సూపెట్టినవు.”

“కాదు. వారాహి.”

“మరి చీపురు?”

“చీపురు కాదు, నాగలి. అరిగిపోయింది.”

“నాగలా? నాగలెంట నడిచి ఇత్తులు ఏసినదాన్ని. నాకే కనపడకపాయె.”

“గాడిద కూడా కాదు, దున్నపోతు. కొమ్ములు విరిగినాయి. పక్క నుంచి టార్చి కొట్టి తీసిన ఫొటో ఒకటుంది. నిన్న పెద్దది చేసి చూసినా. మూతి ముందుకు పొడుచుకొని ఉంది, పందిమూతి. ఇంక ఆ బొజ్జ...”

“బొజ్జ?”

“బొజ్జ కాదవ్వా. ఒళ్లో బిడ్డ. తల్లి చెయ్యి బిడ్డ వీపు మీద ఉంది. ఈ వైష్ణవి ఒళ్లో చూడు, ఇట్లాగే.”

“ఒళ్లె... బిడ్డనా?”

“పిల్లల్ని కాపాడే తల్లులు వీళ్లు. అవ్వా, ఏమైంది? కూర్చో.”

“నా కోడలు రేఖకు రెండుమాట్ల కడుపు పోయింది. నీకు చెప్పిన్నా?”

“లేదు. అవ్వా, ఈ రాయి ఎవరు పీకించినారు? మధుసూదనే కదా? రంగులు పూసింది చాలక దేవతనే పీకేస్తాడా? ఎంత నీచం! పోయి అడుగుతా.”

“ఆయన రంగు ఏపిచ్చిండు, గంతే. ఆయన జోలికి పోకు.”

“మరి ఎవరు?”

“రేఖకు మళ్ల మూడో నెల. రోజు ఆ రాయికి కుంకుమ పెట్టి, ఆ కుంకుమనే తీస్కపోయి దాని నుదుట పెట్టేదాన్ని. నువ్వు జ్యేష్ఠ అంటివి. నా చేతులతోనే దరిద్రాన్ని ఇంటికి మోసిన్నని నా మీద నాకే రోత పుట్టింది.”

“అవ్వా... నాది తప్పు. కమిటీకి రాసిస్తా, మళ్లీ పెట్టిస్తా. రాయి ఎక్కడుంది?”

“ఎనక మురికి నాలాల.”

“తీయిద్దాం పా.”

“ముక్కలైంది బిడ్డా.”

“ముక్కలా! పీకింది కాక పగలగొట్టినారా? ఎవడు వాడు? ఆ మొగిలి మేస్త్రినా?”

“మేస్త్రి దేవత అని చెయ్యి పెట్టనన్నడు. గడ్డపార నేనే ఎత్తిన. మొదటి దెబ్బ ఆ బొజ్జ మీదనే ఏసిన.”