బోర్డు కవరు

ఏటమ్మా, ఇందాక ఫోనులో బాండు అన్నావు? పల్లెలో డాక్టరీ సేస్తానని సంతకమెట్టి, ఇప్పుడు విడిపించమని అర్జీ ఎట్టినావా. కూకో. ఈ బాండులు నీకు కొత్తగాని నాకు కాదు. కృపానిధి అని ఒక డాక్టరుబాబు ఉండీవోడు మా ఊర్లో, నౌపడ అవతల, ఉప్పుమళ్ళ పక్కన. శ్రీకాకుళం మిషను కుటుంబం, తెల్లగా, సన్నగా, మాటాడితే తలొంచుకొని మాటాడీవోడు. జిల్లా బోర్డోలు నెలనెలా స్టయిఫండిచ్చి ఆయన్ని సదివించినారు. ఐదేళ్ళు ఏ పల్లె ఆస్పత్రిలో ఏస్తే అక్కడ సెయ్యాల, మజ్జిలో పోతే ఇచ్చిందంతా తిరిగి కట్టాల, అదీ బోర్డు ఒప్పుకుంతేనే. ఆయన రాకముందు రెండేళ్ళు మా ఆస్పత్రికి తాళమే. నా ఇంటిది, మీ అమ్మమ్మ కూర్మమ్మకి ఆ రెండేళ్ళల్లోనే ఇద్దరు పిల్లలు కడుపులోనే పోనారు. అదీ సంగతి.

నానప్పుడు పోస్టు సూసీవోణ్ణి. మాస్టరూ నానే, బంట్రోతూ నానే. టేసన్నుంచి సంచీ తెచ్చి, ముద్దర్లేసి, నానే ఊరంతా పంచీవోణ్ణి. స్వరాజ్యం వొచ్చిన మర్సటేడు బాబుకి మలయానించి ఉత్తరమొచ్చింది, రబ్బరు తోటల్లో డాక్టరుగా రమ్మని. కట్టాల్సిన డబ్బు తోటలోడే కడతాడంట, బాబు విడిపించమని బోర్డుకి అర్జీ ఎట్టీసినాడు. ఊరంతా గుప్పుమంది. ఉప్పు యాపారం సూరయ్య ఆస్పత్రి అరుగెక్కి, "బాబూ, మా శిస్తు మీద సెస్సు ఏసి నిన్ను సదివించినారు. నీ సదువు మాది. ఎవుడో తోటలోడికి ఎలగిచ్చేస్తావు?" అని గట్టిగా అడిగీసినాడు. బాబు ఏటన్నాడో తెలుసా? "నిజమే సూరయ్యగారూ, మీ సొమ్మే. కాని క్వినైను అడిగి నాలుగు నెలలయింది, రాలేదు. గుడ్డకట్లు మా అమ్మ పాత చీరలు చింపి కడుతున్నాను. నన్ను తయారుచేశారు గాని చేతికేమీ ఇవ్వలేదు. ఉత్త చేతులతో ఎవరి ఋణం తీర్చను?" అన్నాడు. సూరయ్య అరుగు దిగి ఎలిపోనాడు. నాకు ఇద్దరిదీ నిజమే అనిపించింది. నిజమైతే ఏటి, కూర్మమ్మకి అప్పుడు తొమ్మిదో నెల. బాబు నాతోటి, "గంగులూ, బోర్డు కవరొస్తే పరిగెత్తుకొచ్చి ఇయ్యి" అన్నాడు. అలగేనండి అన్నాను.

ఒచ్చీసింది. ఒక మంగళారం, సంచీలో అన్నిటికన్నా అడుగున. పొడుగు కవరు, బోర్డు ముద్ర. అది ఇంట్లో సోళ్ళ గింజల కుండలో దాసీసినాను. అవునే, నానే. జైల్లో ఎడతారని తెలుసు. ఎవులు పిలిసినా ఉలిక్కిపడీవోణ్ణి, తిన్నది ఒంటికి పట్టీది కాదు. రోజూ బాబు కిటికీలోంచి, "ఏం గంగులూ, వచ్చిందా?" అంటే, "లేదండి" అనీవోణ్ణి. పదకొండో నాడు మిట్టమద్దినం కూర్మమ్మకి నొప్పులొచ్చినాయి. పిల్ల సెయ్యి ముందొచ్చీసింది. మంత్రసాని అప్పలమ్మ దండమెట్టి బయటికొచ్చీసింది. బాబు మోసేతి దాకా కడుక్కొని, లోపల్లోపలే పిల్లని తిప్పి, కాళ్ళట్టుకొని తీసినాడు. ఆ పిల్లే మీ అమ్మ సత్యవతి. రగతం ఆగలేదు. ఆస్పత్రిలో ఉన్నదొక్కటే సూది, అదీ ఇచ్చీసినాడు, అప్పుడాగింది.

ఆ రోజే ఇచ్చీవొచ్చు కవరు. ఇయ్యలేదు. కూర్మమ్మకి జొరమొచ్చింది, అది తగ్గనీ అనుకున్నాను. తగ్గింది, పిల్లకి పసిరికలు, ఒళ్ళంతా పచ్చన. ఏదో ఒకటి. భయానికి అంతెక్కడ? పదహారో నాడు తీసుకెళ్ళి ఇచ్చినాను, ఇవాళే ఒచ్చిందండి అని. బాబు సింపి సదివినాడు. పదిహేను రోజుల్లోగా డబ్బు కట్టి, చార్జి అప్పగిస్తే విడుదల, లేపోతే ఆర్డరు రద్దు. గడువు దాటిపోనాది, మలయా ఎల్లీ పెనాంగు ఓడ కూడా అంతకు రెండ్రోజుల ముందే మద్రాసులో బయల్దేరిపోనాది. కవరు ఎనక్కి తిప్పినాడు. మా ఊరి ముద్దర ఉన్నాది దాని మీద. కవరొచ్చిన ఆ మంగళారం తేదీ. దాసకముందే అలవాటు సొప్పున నానే ఏసీసినాను, నా సెయ్యి నా మాట ఇనకుండా. బాబు ఆ ముద్దర కేసి సూసినాడు, నా కేసి సూసినాడు.

"పాప పాలు తాగుతోందా?" అన్నాడు. అంతే.

మళ్ళీ అర్జీ ఎట్టుకోవొచ్చు గదా అంటావు. ఎట్టలేదు. ఎందుకెట్టలేదో నాను అడగలేదు, అడిగీ దైర్నం లేదు. మర్సటేడు ఉప్పుమళ్ళ కాడ కలరా దిగింది. కూలోల్లు నలభై మంది దాకా బతికినారు ఆయన సేతుల్లో. ఆఖర్న ఆయనకే తగులుకుంది. ముప్పయ్యేళ్ళు కూడా లేవమ్మా. ఆ తర్వాత ఆస్పత్రికి మళ్ళీ తాళమే. మీ అమ్మని ఎత్తుకున్నప్పుడల్లా, ఇది బతికింది నావల్ల, ఆ బాబు పోయింది నావల్ల...

ఏటది, నీ సేతిలో? నీ కవరేనా, ఇవాళే ఒచ్చిందా. అలగ బల్ల మీదెట్టు. నా సేతికియ్యకు.