సదయ్య సార్ బొటనవేలు

గోదావరిఖనిలో ఒక భూగర్భ గని. మొదటి షిఫ్టు ముగిసింది. హాజరు గది కిటికీకి లోపల షిఫ్టు ఇన్‌చార్జి సదయ్య, బయట కార్మికుడు తిరుమల.

“నాగా ఎట్ల పడ్తది సార్? మీరు బొటనవేలు పెట్టిండ్రు గదా.”

“బొటనవేలు పెడ్తె సెలవు ఇచ్చినట్టా తిరుమలా?”

“మరి ఇయ్యనట్టా?”

“నిన్న నువ్వు డ్యూటీకి రాలె. రానోనికి నాగా పడ్తది. దీంట్ల పంచాయితి ఏముంది?”

“ఇగో, నా ఫోను సూడున్రి. మంగళవారం పొద్దుగాల ఆరు నలభై. ‘సార్, రేపు సహస్రను స్కానింగ్‌కు కరీంనగర్ తీస్కపోతున్న. డ్యూటీకి రాను. సెలవు రాయున్రి.’ దీని కిందనే బొటనవేలు. దాన్ని ఒత్తితే పెట్టినోళ్ల పేరు గూడ వస్తది. ఇగో, సదయ్య సార్.”

“నా పేరు నాకు సూపెట్టకు. పెట్టింది నేనే. కాదన్ననా?”

“మరి దాని మతలబు ఏంది?”

“సూసిన అని.”

“సూసిండ్రని నీలం టిక్కులు పడ్డయి గదా. టిక్కులు పడ్డంక మల్ల బొటనవేలు ఎందుకు?”

“దిగే టైం అయ్యింది. ఫోను లాకర్ల పెట్టి పోవాలె, కిందికి తీస్కపోనియ్యరు, నీకు తెల్వదా? టైపు కొట్టే తీరిక లేక ఒక గుర్తు పెట్టిన. వచ్చినంక మాట్లాడుదమని.”

“వచ్చినంక మాట్లాడిండ్రా?”

“మర్సిపోయిన.”

“మెసేజు మర్సిపోయిండ్రు. నాగా మాత్రం మర్సిపోలె.”

“మాట జాగ్రత్త. నువ్వు ఒక్క ఫోను చెయ్యరాదా?”

“మంగళవారం నాకు రెస్టు రోజు. మీరు దిగినంక ఎవలికి చెయ్యాలె, లాకర్‌కా? అయినా ఒప్పుకున్నరనుకున్నంక ఇంక ఫోను ఎందుకు చేస్త కాకా?”

“కాకా అనుడు మన ఊర్ల, రామగిరిల. ఇక్కడ సార్ అను.”

“సరే సార్. మొన్న పోశం వాళ్ల నాయిన సచ్చిపోయిండని మన షిఫ్టు వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. దానికి గూడ మీరు బొటనవేలే పెట్టిండ్రు. పోశం ఎంత బాధపడ్డడో తెలుసా? రెండు చేతులు జోడించింది ఉంటది గదా, అది పెట్టద్దా?”

“అదే నేను చెప్పేది. ముసలాయన పోయిండంటే మంచిగైంది అంటనా? సూసిన అన్న. నేను దేనికైనా అదే పెడ్త.”

“గది మీకు తెలుసు. నాకెట్ల తెలుస్తది? సెలవడిగినోనికి బొటనవేలు పెడ్తె సరే అనే అనుకుంటడు. వద్దంటే వద్దని రాయాలె. రెండక్షరాలు.”

“నువ్వు అడగలె తిరుమలా. మల్ల సదువుకో. ‘తీస్కపోతున్న, రాను’ అన్నవ్. ఇస్తరా అని యాడ అడిగినవ్?”

“‘సెలవు రాయున్రి’ అన్న గదా. అడుగుడు ఇంకెట్ల ఉంటది?”

“సరే, అడిగినవ్. నేను ఇచ్చిన అనలె.”

“ఈ స్కానింగ్ తారీఖు కోసం నెల రోజులు ఆగినం సార్. నా పెండ్లానికి అయిదో నెల కడుపు. నాకు ఇప్పటికే మూడు నాగాలున్నయి. నాలుగోది పడితే చార్జిషీటు అని మీరే బెదిరిస్తిరి. నేను తాగి పండుకోలె, దవాఖానల లైన్ల నిలబడ్డ. కడుపు మండుతున్నది సార్.”

“నాకు మండుతలేదా? నువ్వు, కొమురెల్లి చేసే పనికి ఇద్దరుండాలె. నువ్వు లేక కొమురెల్లిని ఒక్కన్ని పంపలేక పని ఆపిన. మేనేజర్ అందరి ముందట నన్ను తిట్టిండు.”

“ఇంకొకల్ని ఏసుకోవలసింది. రాను అని ముందురోజే చెప్తి గదా.”

“నువ్వు వస్తవనే ఉన్న.”

“రాను అని రాస్తే వస్తనని ఎట్లుంటరు సార్?”

“గ్రూపు తెరువు. మంగళవారం సాయంత్రం నేను పెట్టిన లిస్టు తియ్యి. బుధవారం, మొదటి షిఫ్టు. దొరికిందా? మూడో పేరు ఎవలిది?”

“నాదే. మీరు నా మెసేజు మర్సిపోయి ఏసిండ్రు. తప్పు మీదే గదా.”

“నాదే. మర్సిపోయే ఏసిన. దాని కింద బొటనవేళ్లు ఎన్నున్నయి?”

“పన్నెండు.”

“ఒత్తు. పేర్లు సదువు.”

“కొమురెల్లి, జైపాల్, రాయమల్లు…”

“ఆపినవేంది?”

“తిరుమల.”

“పొద్దుగాల రానన్నోడివి. సాయంత్రం నీ పేరున్న లిస్టుకు బొటనవేలు పెట్టినవ్. అది సూసే నేను ఇంకొకల్ని ఏసుకోలె. ఎందుకు పెట్టినవ్?”

“రోజు పెట్టేదే గదా సార్. అది వస్తనని కాదు… ఊకె, సూసిన అని.”